41 డిగ్రీలా, 49 డిగ్రీలా, 20 డిగ్రీలా?

*మాస్టారూ, మాది సింగరాయకొండ. ఒంగోలులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. వచ్చే నెల చెరెంకోవ్ కాంతి మీద, అంటే నీళ్ళలాంటి వాటిలో అక్కడి కాంతిని మించి పోయే ఆవేశం ఉన్న కణాలు వెదజల్లే వెలుగు మీద, సెమినార్ చెప్పాలి. నీళ్ళలో ఆ కాంతి శంకువు కోణం 41 డిగ్రీలని పుస్తకంలో ఉంది. ధ్వనిని మించి పోయే విమానం బొమ్మలాగా గీసి లెక్క కడితే నాకు 49 వస్తోంది. పైగా విమానం వేగం పెరిగితే శంకువు సన్నబడుతుందట, ఇక్కడ వేగం పెరిగితే కోణం పెరుగుతుందట. కళ్ళతోనే చూద్దామని, పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే మా పెదనాన్న కొడుకు చేత కొత్తపట్నం దగ్గర మరపడవ వెనకాల అలని డ్రోన్‌తో నిట్టనిలువుగా పైనుంచి తీయించాను. నడిమి గీత నుంచి అంచుకి 20 డిగ్రీల లోపే ఉంది. పడవ వేగం పెంచినా అంతే. ఏది నమ్మాలి?*

అమ్మా, డ్రోన్ సంగతి తర్వాత చూద్దాం. అది తీయించినందుకే నీ ఉత్తరం ముందు తీశాను. 41, 49 మాత్రం ఒకే బొమ్మలో ఉన్న రెండు మూలలు. ఆ బొమ్మ నువ్వు గీశావు కానీ కొలతలు పెట్టి గీసి ఉండవు. ఇప్పుడు పెట్టి గీయి.

తెల్లకాగితం మీద 8 సెంటీమీటర్ల అడ్డగీత గీసి ఎడమ కొసకి A, కుడి కొసకి B అని పెట్టు. ఆవేశం ఉన్న కణం A నుంచి B కి పోతోంది, దాదాపు శూన్యంలో కాంతికి ఉండే వేగంతో. నీటి వక్రీభవన గుణకం 1.33, అంటే మూడింట నాలుగు. కాబట్టి కణం 4 అడుగులు వేసేసరికి నీళ్ళలో కాంతి 3 అడుగులే వేస్తుంది. కణం 8 సెంటీమీటర్లు పోయేలోపు A దగ్గర పుట్టిన కాంతి 6 సెంటీమీటర్లు వ్యాపించి ఉంటుంది. వృత్తలేఖినితో A కేంద్రంగా 6 సెంటీమీటర్ల వృత్తం గీయి. A నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో 4.5 వ్యాసార్ధంతో ఇంకొకటి, 4 దగ్గర 3 తో ఒకటి, 6 దగ్గర 1.5 తో ఒకటి. B దగ్గర చుక్క చాలు, అక్కడి కాంతి ఇంకా బయలుదేరలేదు.

ఇప్పుడు B నుంచి పెద్ద వృత్తానికి స్పర్శరేఖ గీస్తే అది నాలుగు వృత్తాలనీ తాకుతూ పోతుంది. అన్ని చోట్లా పుట్టిన అలల శిఖరాలు ఒకేసారి ఒక వరసలో నిలబడేది ఆ గీత మీదే. మిగతా దిక్కుల్లో ఒకదాని శిఖరం మీద ఇంకోదాని లోయ పడి కొట్టుకుపోతాయి. కాబట్టి కాంతి నిలిచేది ఆ గీతకి లంబంగా పోయే దిక్కులో. పెద్ద వృత్తాన్ని ఆ గీత తాకిన చోటికి T అని పేరు పెట్టి A, T లని కలుపు.

ATB లంబకోణ త్రిభుజం, లంబకోణం T దగ్గర. AB 8, AT 6, స్కేలు పెట్టి చూస్తే TB దాదాపు 5.3 రావాలి. రాకపోతే వృత్తలేఖిని ముల్లు జారిందన్నమాట, మళ్ళీ గీసుకో. A దగ్గరి కోణానికి కొసైన్ 6/8, అంటే 41.4 డిగ్రీలు. B దగ్గరి కోణానికి సైన్ 6/8, అంటే 48.6 డిగ్రీలు. మూడింట నాలుగు బదులు 1.33 వాడితే 41.2, 48.8 అవుతాయి.

A దగ్గర ఉన్నది కాంతి పోయే దిక్కుకీ కణం పోయే దిక్కుకీ నడుమ కోణం. B దగ్గర ఉన్నది కణం ముక్కు నుంచి వెనక్కి వాలిన అలముఖం కణం దారితో చేసే కోణం. పుస్తకం చెప్పింది మొదటిది:

cos θ = 1/(nβ)

ఇందులో β అంటే శూన్యంలో కాంతి వేగంతో పోలిస్తే కణం వేగం ఎంత అని. విమానాల వాళ్ళు చెప్పేది రెండోది, దాన్ని మాక్ కోణం అంటారు. రెండిటినీ జనం ‘శంకువు కోణం’ అనే పిలుస్తారు, తంటా అంతా అక్కడే వచ్చింది. ఒక శంకువు ముందుకి తెరుచుకుని ఉంటుంది, అది కాంతి కిరణాలది. ఇంకోటి వెనక్కి తెరుచుకుని కణంతో పాటే పోతుంది, అది అలముఖానిది. సెమినార్‌లో బోర్డు మీద రెండూ గీసి, ఏది దేనిదో నోటితో చెప్పు. నేను పాఠం చెప్పిన మొదటి రెండేళ్ళూ ఒకే బొమ్మ గీసి రెండు పేర్లూ దానికే పెట్టేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి ‘సార్, బాణం గుర్తు ఎటు పెట్టమంటారు’ అని అడిగితే గానీ తెలిసిరాలేదు.

ఇక వేగం పెరిగితే పెరగడం, సన్నబడటం. వృత్తాన్ని 6 దగ్గరే ఉంచి AB ని మాత్రం తగ్గిస్తూ రా. β 0.85 అనుకో, AB 6.8 సెంటీమీటర్లవుతుంది. A దగ్గర కోణం 28 డిగ్రీలకి పడిపోతుంది, B దగ్గరిది 62 కి లేస్తుంది. ఇంకా తగ్గించి AB ని 6 చేస్తే వృత్తాలన్నీ B దగ్గర ఒకే చోట ఆనుకుంటాయి. A కోణం సున్నా, B కోణం 90. అంటే వేగం పెరిగేకొద్దీ కిరణాల శంకువు విచ్చుకుంటుంది, అలముఖం శంకువు ముడుచుకుంటుంది. మొత్తం ఎప్పుడూ 90 కాబట్టి ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. నువ్వు విన్న రెండు మాటలకీ తగువే లేదు.

AB ని 6 కన్నా తగ్గిస్తే చిన్న వృత్తాలు పెద్ద వృత్తం కడుపులో పడిపోతాయి, ఎక్కడా తాకవు. స్పర్శరేఖ లేదు, శంకువు లేదు, కాంతి లేదు. ఫార్ములాలో చూస్తే కొసైన్ 1 దాటుతుంది, అలాంటి కోణం ఉండదు. నీళ్ళలో ఈ గీత β 0.75 దగ్గర పడుతుంది. ఎలక్ట్రాన్‌కి ఆ వేగం రావాలంటే 0.26 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి చాలు. మ్యుయాన్ కూడా ఎలక్ట్రాన్ లాంటి కణమే, కానీ 200 రెట్లకి పైగా బరువు, దానికి 54 కావాలి. కానీ వేగం ఒకటే అయితే ఇద్దరి కోణమూ ఒకటే. కోణానికి వేగం తెలుసు గానీ బరువు తెలియదు. ‘కాంతి కన్నా వేగమా, ఐన్‌స్టీన్ ఒప్పుకుంటాడా’ అని ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్ళలో కాంతి కన్నా వేగం, శూన్యంలో కాంతి కన్నా కాదు అని చెప్పి ముందుకి పో, అక్కడ ఎక్కువసేపు నిలబడకు.

ఇంకొక చిక్కు కూడా ముందే చెప్తున్నా. 48.8 డిగ్రీలు ఎక్కడో చూసినట్టు ఉంటుంది నీకు. ఇంటర్లో నీటికి సందిగ్ధ కోణం అని బట్టీ పట్టావు కదా, అదే అంకె. కాకతాళీయం కాదు. సందిగ్ధ కోణానికి సైన్ 1/n, కణం కాంతి వేగానికి దాదాపు చేరినప్పుడు మాక్ కోణానికి సైన్ కూడా 1/n. అంకె ఒకటైనంత మాత్రాన విషయం ఒకటి కాదు. ఎవరైనా ‘49 అంటే సంపూర్ణాంతర పరావర్తనం కదా’ అంటే తికమకపడకు.

ఈ రెండు కోణాల్లో ప్రయోగశాలలో కొలిచేది ఏదంటావా? జపాన్‌లో సూపర్ కమియోకాండే అని ఉంది. కొండ కింద, వెయ్యి మీటర్ల రాతి అడుగున, 50 వేల టన్నుల నీళ్ళున్న తొట్టి. లోపలి గోడలనిండా 11 వేలకి పైగా కాంతిని పట్టే గొట్టాలు. న్యూట్రినో ఒకటి వచ్చి నీటిలో కేంద్రకాన్ని తాకి మ్యుయాన్‌ని పుట్టించిందనుకో. గోడ 10 మీటర్ల దూరంలో ఉంది, మ్యుయాన్ నేరుగా దాని వైపే బయలుదేరింది, గతిశక్తి 1000 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పుట్టినచోట వచ్చిన కాంతి 41 డిగ్రీలతో విచ్చుకుంటూ పోయి గోడ మీద ఉంగరం వేస్తుంది. దాని వ్యాసార్ధం 10 ని 41.2 డిగ్రీల టాంజెంట్‌తో గుణిస్తే వస్తుంది, 8.8 మీటర్లు. పొరపాటున నీ 48.8 పెట్టావంటే 11.4 మీటర్లు అంటావు. రెండున్నర మీటర్ల తేడాని అక్కడి గొట్టాల వరస ఇట్టే పట్టేస్తుంది.

ఉంగరం సన్నటి గీతగా పడదు, మందంగా పడుతుంది. మ్యుయాన్ సెంటీమీటరుకి సుమారు 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకుంటూ పోతుంది, కాబట్టి 5 మీటర్లు పోయేలోపే ఆగిపోతుంది. గోడకి 8 మీటర్ల దూరానికి వచ్చినప్పుడు వచ్చే కాంతి సుమారు 7 మీటర్ల వ్యాసార్ధంలో పడాలి. ఇలా బయటి అంచు కణం పుట్టినచోటి నుంచి వస్తుంది, దాని లోపలంతా తర్వాత్తర్వాత వచ్చిన కాంతితో నిండుతుంది. ఇంకా దగ్గరగా చూస్తే, ఆఖరి అరమీటరులో మ్యుయాన్ నెమ్మదించి కోణమే ముడుచుకుపోతుంది. 95 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మిగిలే సరికి β 0.85, కోణం 28. అక్కడ కాంతి కూడా సగానికి తగ్గుతుంది, ఎందుకంటే సెంటీమీటరుకి పుట్టే కాంతి sin²θ ని బట్టి ఉంటుంది. నిండు వేగంలో, కంటికి కనిపించే రంగులన్నీ కలిపితే, సెంటీమీటరుకి సుమారు 200 ఫోటాన్లు. అంతే. వాటి కోసమే ఆ 11 వేల గొట్టాలు. అందుకని ఉంగరం లోపలి అంచు మెల్లగా మాసిపోతుంది, బయటి అంచు మాత్రం గీసినట్టు ఉంటుంది. అదే ఎలక్ట్రాన్ అయితే నీళ్ళలో అటూ ఇటూ తూలుతూ, ఇంకా ఎలక్ట్రాన్లని పుట్టిస్తూ పోతుంది. ఒక్కొక్కటీ ఒక్కో దిక్కులో 41 డిగ్రీల ఉంగరం వేస్తే అన్నీ కలిసి అంచు చెదిరినట్టు అవుతుంది. అంచు చూసే మ్యుయానా, ఎలక్ట్రానా అని చెప్తారు వాళ్ళు.

ట్రాంబేలో 1956 లో మొదలైన అప్సర రియాక్టర్ నీలికాంతి ఫోటో నువ్వు స్లైడ్‌లో పెడతావని నాకు తెలుసు, అందరూ పెడతారు. పెట్టుకో. కానీ అందులో శంకువు చూపించమంటే చూపించలేవు. ఇంధనం చుట్టూ నీళ్ళలో ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకీ కొద్ది దూరాలే పరిగెత్తుతాయి, ఎవరి శంకువు వారిదే, కలిసి చూస్తే వట్టి నీలి మెరుపు. శంకువు కనబడాలంటే ఒకే దిక్కులో, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా పొడుగు దారి ఉండాలి.

ఇప్పుడు కొత్తపట్నం. నీ కొలత తప్పు కాదు, బాగా కొలిచావు. నీకు వచ్చింది 19.5 కి దగ్గరగా ఉండాలి. లోతు నీటిలో పోయే పడవ వెనకాల అల అంచు, పడవ వేగం మరీ పెరిగిపోనంత వరకు, ఆ 19.5 డిగ్రీలనే పట్టుకుని ఉంటుంది. నావ అయినా సరే, బాతు అయినా సరే. దీన్ని 19 వ శతాబ్దంలో లార్డ్ కెల్విన్ లెక్కగట్టాడు. సైన్ విలువ సరిగ్గా మూడోవంతు.

విమానంలాగా వేగాన్ని బట్టి మారకపోవడానికి కారణం ఇది. గాలిలో అన్ని శబ్దాలదీ ఒకటే వేగం, కీచుగొంతుదీ బొంగురుగొంతుదీ కూడా. అందుకే అక్కడ మాక్ శంకువు శుభ్రంగా వస్తుంది. లోతు నీటి అలలు అలా కాదు. పొడుగు అల వేగంగా పోతుంది, పొట్టి అల నెమ్మది. ఇంకా విడ్డూరం, అల శిఖరం పోయే వేగంలో సగమే ఆ అలల గుంపు వేగం. రామాయపట్నం తీరంలో కూర్చుని దూరంగా పోయే పడవ అలలు చూడు, గుంపు వెనక పుట్టిన శిఖరం గుంపుని దాటి ముందుకొచ్చి మాయమైపోతుంటుంది. పడవ ఎంత వేగంగా పోతే అంత వేగానికి సరిపడే అల దానికి దొరుకుతూనే ఉంటుంది, కాబట్టి హద్దు వేగం అనేదే ఉండదు. ఆ ‘సగం’ కారణంగానే అంచు ఒక్క కోణం దగ్గర బిగుసుకుపోతుంది. అందుకని ‘చెరెంకోవ్ కాంతి పడవ అల లాంటిది’ అని సగం పుస్తకాల్లో ఉన్న మాట నాకు గిట్టదు. పడవ ఉదాహరణ చెప్పాలంటే లోతు లేని నీళ్ళ ఉదాహరణ చెప్పాలి.

కాంతికి ఈ తేడా నీళ్ళలో బొత్తిగా లేదని కాదు, కొద్దిగా ఉంది. వయొలెట్ కాంతికి గుణకం 1.343, ఎరుపుకి 1.331. కాబట్టి వయొలెట్ 41.9 డిగ్రీలకి, ఎరుపు 41.3 కి పోతాయి. అందుకే 41, 49 కలిపి 90 అన్నది కూడా కచ్చితంగా చెప్పాలంటే దాదాపు 90. ఆ కాస్త తేడాకి నీ బొమ్మ చెడదు. సముద్రం మీద అయితే బొమ్మే వేరు.

లోతు తక్కువ నీటిలో పొడుగు అలలన్నీ ఒకే వేగంతో పోతాయి, ఆ వేగం లోతుని బట్టే ఉంటుంది. ప్రళయ కావేరి, అదే పులికాట్ సరస్సు, మనకి గుర్తొస్తుంది. చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. కానీ డ్రోన్ పట్టుకుని అక్కడికి పోవద్దు. పక్కనే శ్రీహరికోట, పైగా అది పక్షుల నెలవు. మీ అన్నకి డ్రోన్‌తో బతుకుతెరువు ఉంది, అది పోగొట్టకు. ఇంట్లోనే చేద్దాం.

వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న తెల్ల ట్రే తీసుకో. ఇడ్లీపాత్ర మూత అయితే పనికిరాదు, దాని అడుగు వంపుగా ఉంటుంది. సరిగ్గా అర సెంటీమీటరు లోతు నీళ్ళు పోయి. ఆ లోతు నేను ఊరికే చెప్పలేదు. అక్కడ నీటి పైపొర బిగువు, అంటే తలతన్యత, పొట్టి అలల వేగాన్ని కాస్త పెంచి పొడుగు అలలతో సమం చేస్తుంది, అలల వేగాల తేడా బాగా తగ్గిపోతుంది. అలల ప్రయోగాలకి వాడే తొట్టెల్లో కూడా ఈ లోతే పోస్తారు. అలల వేగం 9.8 ని 0.005 తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది, సెకనుకి 22 సెంటీమీటర్లు. ట్రే పక్కన అడుగు స్కేలు పెట్టి, నిలువుగా పట్టుకున్న పెన్సిల్ మొన నీటిలో ముంచి, స్కేలు పొడవునా ఒక్క సెకనులో లాగు. సెకనుకి 30 సెంటీమీటర్లు. 30 లో 22 అంటే దాదాపు నాలుగులో మూడు, అదే నీళ్ళలో కాంతికీ వేగంగా పోయే కణానికీ ఉన్న నిష్పత్తి.

పైన టేబుల్ ల్యాంపు ఒకటి వెలిగించి, ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి నిట్టనిలువుగా పైనుంచి తీయి. పెన్సిల్ ముక్కు దగ్గర 47 డిగ్రీలకి అటూ ఇటూ వాలిన అల నీడ కనబడాలి. ఆ అల తనకి లంబంగా, పెన్సిల్ దారికి 43 డిగ్రీల్లో పోతుంటుంది. తర్వాత రెట్టింపు తొందరగా లాగితే వెనక శంకువు 22 డిగ్రీలకి సన్నబడుతుంది, అల పోయే దిక్కు 68 కి విచ్చుకుంటుంది. ఆ తర్వాత సెకనుకి 15 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా లాగు. అప్పుడు అంచే కట్టకూడదు. అంచు కడుతోందంటే నీళ్ళు నువ్వు అనుకున్నంత లోతు లేవన్నమాట, స్కేలు ముంచి మళ్ళీ కొలువు. మొదటి రెండు మూడుసార్లు గోడకి తగిలి వెనక్కి వచ్చే అలలు బొమ్మని పాడుచేస్తాయి. ట్రే అంచుల వెంట మెత్తటి నూలుగుడ్డ తడిపి వాలుగా పరిస్తే చాలావరకు ఆగుతాయి.

మూడు వీడియోలనీ సెమినార్‌లో కొత్తపట్నం డ్రోన్ వీడియో పక్కనే పెట్టి చూపించు, ముందు డ్రోన్‌ది.